డబ్బాలో కలిసిపోయిన కాయలు: ఏది ఏ ఆటదో తేల్చడం ఎలా

అమ్మమ్మ వాళ్ళ ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీద ఒక బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. కదిపితే గలగలమంది. మూత తీస్తే రంగురంగుల చెక్క కాయలు, గవ్వలు, చింతపిక్కలు, గాజు ముక్కలు, అడుగున దుమ్ము. మావయ్య తొంగి చూసి, "చదరంగం కాయలురా, సగం పోయాయి, పారెయ్" అన్నాడు. పారెయ్యలేదు. రెండు సాయంత్రాలు కూర్చుని తేల్చుకుంటే అందులో నాలుగు ఆటలున్నాయి. చదరంగం కాయ ఒక్కటైనా ఉందో లేదో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

ఇలాంటి డబ్బా మీ ఇంట్లోనూ ఉండొచ్చు. అందుకే ఆ రెండు సాయంత్రాల్లో చేసిన పని వరస చెబుతాను. చాలామంది ఆకారంతో మొదలుపెట్టి పొరబడతారు, నేనూ అలాగే పొరబడ్డాను. గుండ్రటి తల, సన్నటి మెడ, వెడల్పాటి అడుగు ఉన్న చెక్క కాయ ఏ ఆటలోనైనా ఇమిడిపోతుంది. తరిణె పట్టేవాడికి అది తేలికైన ఆకారం, అంతకు మించి దానికి అర్థం లేదు. ముందు లెక్క, తరవాత పందెం వేసే వస్తువులు, ఆ తరవాత గుర్తులు. ఆకారాన్ని అన్నిటికన్నా చివర నమ్మాలి.

మొదట: కడగొద్దు, పారెయ్యొద్దు

పాత తువ్వాలు ఒకటి పరిచి డబ్బాని మెల్లగా బోర్లించండి. తువ్వాలైతే చిన్నవి దొర్లిపోవు. డబ్బా మూలల్లో వేలు పెట్టి ఒకసారి తడమండి, పిక్కలు అక్కడే ఇరుక్కుంటాయి. ఒక ఫొటో తీసుకోండి. నీళ్ళతో కడిగే పని అప్పుడే వద్దు. కాయ అడుగున పట్టిన మట్టి, గాడిలో మిగిలిన రంగు, గవ్వ మీద అరుగుదల, ఇవే మనకి సాక్ష్యాలు.

ఆటకి సంబంధం లేదనిపించే వాటిని కూడా పక్కన పెట్టుకోండి. నా డబ్బాలో ఒక నల్ల కోటు గుండీ, ఎనిమిది గాజు ముక్కలు ఉన్నాయి. చెత్తబుట్ట దాకా వెళ్ళి వెనక్కి వచ్చాయి. అవి ఎందుకు ముఖ్యమో కాసేపట్లో చెబుతాను.

రెండోది: ఒకే చేతి పని ఒక గుంపు, ఆపైన లెక్క

రంగు చూసి గుంపులు కట్టకండి. ఒకే మనిషి ఒకే రోజు చేసినట్టు కనిపించేవి ఒక చోట పెట్టండి. చెక్క కాయని తిరగేస్తే అడుగున తెలుస్తుంది. తరిణె మీద తిప్పి చేసినదైతే గుండ్రటి సన్నని గీతలు ఒకదాని చుట్టూ ఒకటి ఉంటాయి. చేత్తో చెక్కినదైతే ఉలి దెబ్బలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఏటికొప్పాక బొమ్మల్లాగా లక్క పూసిన వాటికి రంగు పెచ్చులూడినా, మెడ దగ్గరి గాడిలో కొంచెమైనా మిగిలే ఉంటుంది.

గుంపులయ్యాక ఒక్కో గుంపులో ఎన్ని రంగులు, ఎన్ని సైజులు, ఒక్కోటి ఎన్ని అని కాగితం మీద రాయండి. నా కాగితం ఇలా ఉంది. లక్క కాయలు 15: ఎరుపు 4, పసుపు 4, ఆకుపచ్చ 4, నలుపు 3. రంగు లేని చెక్క కాయలు 17: పొడుగువి 3, పొట్టివి 14. నాలుగు పలకల పొడుగు పాచికలు 2. గవ్వలు 11. చింతపిక్కలు 64. గాజు ముక్కలు: ఎరుపు 4, పచ్చ 4. ఒక చెక్క ఏనుగు, ఒక ఎర్రటి బిళ్ళ, ఒక గుండీ.

ఇప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ గుంపులో ఎన్ని పక్షాలున్నాయి, అవి సమానమా కాదా? చాలా ఆటలు దీనితోనే విడిపోతాయి. నాలుగు రంగులు, రంగుకి నాలుగు అంటే నలుగురు కూర్చుని పందెం వేసుకునే ఆట. రెండు రంగులు సమానంగా ఉంటే ఇద్దరి యుద్ధం. అప్పుడు సంఖ్యే ఆట పేరు చెబుతుంది: పక్షానికి 9 అయితే దాడి ఆట, 12 అయితే డ్రాఫ్ట్స్, 15 అయితే బ్యాక్‌గామన్, రకరకాల ఆకారాలతో 16 అయితే చదరంగం. రెండు పక్షాలు అసమానంగా, ఒకవైపు కొన్ని పెద్దవి, రెండోవైపు చాలా చిన్నవి ఉంటే అది వేట ఆట.

కాయలు పోయి ఉంటాయి కదా, లెక్క ఎలా నమ్మడం అంటారా? పోయిన కాయలు లెక్కని తగ్గిస్తాయే కానీ పెంచవు. అందుకని దొరికిన సంఖ్యకి సమానమైనదో, దాని పైనున్న దగ్గరి సంఖ్యో చూడాలి. నాలుగు, నాలుగు, నాలుగు, మూడు అంటే ఒకటి పోయిన పదహారు అన్నమాట. ఒక రంగులో ఐదు కాయలు కనబడితే మాత్రం ఆగాలి. రెండు సెట్లు కలిశాయేమో చూడాలి.

మూడోది: పందెం వేసేవి చెప్పినంత నిజం ఇంకేవీ చెప్పవు

కాయ ఏ ఆటకైనా పనికొస్తుంది కానీ పాచిక అలా కాదు. అందుకే పాచికలు, గవ్వలు, పిక్కల దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలి.

నా డబ్బాలోని పొడుగు పాచికలు చిటికెన వేలంత ఉన్నాయి. చివర్ల మీద నిలబడవు, నాలుగు పలకల్లో ఏదో ఒకటే పైకి వస్తుంది. ఒక్కో గుర్తు చుట్టూ ఒక వలయం, మధ్యలో చుక్క. ఒక పలక మీద 1, ఎదురు పలక మీద 6, పక్కన 2, దానికెదురు 5. మూడు, నాలుగు లేవు. ఇవి పగడసాల పాచికలు. హిందీవాళ్ళు చౌపడ్ అనేది ఈ ఆటనే. మామూలుగా మూడు పాచికలు వేస్తారు, రెండింటితో ఆడేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి నాకు ఒకటి పోయిందో లేదో పాచికల్ని బట్టి చెప్పలేను.

ఇదే ఆకారంలో ఇత్తడి పాచికలు రెండు దొరికి, పలకల మీద 1, 2, 3 చుక్కలు, నాలుగో పలక ఖాళీగా ఉంటే అది వేరు. తమిళనాడులో దాయం ఆడేది వాటితో. చిత్తూరు, నెల్లూరు వైపు ఇళ్ళలో కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆకారం ఒకటే అయినా గుర్తుల వల్ల ఆట మారిపోయింది చూడండి. అందుకే నాలుగు పలకలూ తిప్పి చూసి రాసుకోవాలి, ఒక పలక చూసి ఆగకూడదు.

తెల్లటి పాచిక చూడగానే "దంతం" అనేస్తారు. నిజంగా దంతమైతే టెన్షనే, ఎందుకంటే మన దేశంలో ఏనుగు దంతం అమ్మకం, కొనుగోలు నేరం. భూతద్దంతో పాచిక చివర, అంటే అడ్డంగా కోసిన భాగం చూడండి. దంతమైతే వంపు గీతలు రెండు వైపుల నుంచి వచ్చి ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు ఉంటాయి. ఎముకైతే ఆ వల ఉండదు. సూదిమొనంత నల్ల చుక్కలు, పొడుగు పలకల మీద సన్నని గీతలు కనిపిస్తాయి. నా పాచికల్లో చుక్కలే ఉన్నాయి. ఎముకే.

ఇక గవ్వలు. ముందు బెజ్జం ఉందేమో చూడండి. బెజ్జం ఉంటే దారానికి గుచ్చినవి, ఎద్దు మెడపట్టీ నుంచో దండ నుంచో ఊడినవి, ఆటవి కావు. బెజ్జం లేనివాటిని సైజులవారీగా పేర్చండి. ఒక సెట్టు గవ్వలు సాధారణంగా ఒకే సైజులో ఏరుకుంటారు, లేకపోతే గుప్పిట్లో సరిగా కలవవు. నా 11 గవ్వలూ రెండు కుప్పలయ్యాయి: చిన్నవి 7, కొంచెం పెద్దవి 4. ఏడు గవ్వలు పచ్చీసువి. ఆరింటితోనూ ఆడతారు. పచ్చీసు అంటేనే 25, గవ్వలతో పడే పెద్ద పందెం పేరే ఆటకి వచ్చింది. నాలుగు గవ్వలు అష్టాచెమ్మావి.

ఇక్కడ ఒక చిక్కుంది. పాచికలేమో పగడసాల అంటున్నాయి, ఏడు గవ్వలేమో పచ్చీసు అంటున్నాయి. రెండూ నిజమే. రెండింటికీ గుడ్డ ఒకటే, కాయలూ అవే. పాచికలతో ఆడితే ఒక పేరు, గవ్వలతో ఆడితే ఒక పేరు. కాబట్టి ఆ లక్క కాయలు "పగడసాలవా, పచ్చీసువా" అని తల బద్దలు కొట్టుకోకుండా రెండూ రాసేయడమే సరైన జవాబు.

చింతపిక్కలు నాకు దాదాపు మోసం చేశాయి. 64 ఉన్నాయని లెక్కపెట్టి వామనగుంటలవే అనుకున్నాను. పద్నాలుగు గుంటలు, గుంటకి 4 వేస్తే 56, 5 వేస్తే 70. అరవై నాలుగు రెండింటికీ సరిపోదు. మళ్ళీ ఒక్కొక్కటే వెలుతురులో తిప్పి చూస్తే నాలుగు పిక్కలకి ఒక పక్క తెల్లగా ఉంది. బండ మీద నీళ్ళు చిలకరించి అరగదీసినవి. అవి పిక్కలు కావు, పాచికలు! పైకి నలుపు పడిందా, తెలుపు పడిందా అన్నదే లెక్క, గవ్వలు లేనప్పుడు అష్టాచెమ్మాకి ఇవే. మిగిలిన 60 సంగతా? 70లో పది పోయి ఉండొచ్చు, వంటింటి డబ్బాలోంచి పడి ఉండొచ్చు. గుంటల పలక దొరకనంతవరకూ పిక్కల వల్ల ఏదీ రుజువు కాదు. అమ్మ మాత్రం "చేప ఆకారంలో మడత పలక ఉండేది, ఎవరికిచ్చిందో మీ అమ్మమ్మ" అంది.

నాలుగు గవ్వలు, నాలుగు అరగదీసిన పిక్కలు కనబడ్డాక గాజు ముక్కల గుట్టు కూడా విడిపోయింది. ఎర్రవి నాలుగు, పచ్చవి నాలుగు. అష్టాచెమ్మాలో మనిషికి నాలుగు కాయలు, ఇద్దరు ఆడుకున్న కాయలవి. అష్టాచెమ్మాకి కొన్న కాయలు ఉండవు. విరిగిన గాజులు, గులకరాళ్ళు, కందిగింజలు, చీపురుపుల్ల ముక్కలు, ఏది చేతికందితే అది. డబ్బాలో నాలుగేసి చొప్పున చెత్త కనబడితే అనుమానించండి.

నాలుగోది: నేను తప్పటడుగు వేసిన గుంపు

రంగులేని 17 కాయల దగ్గర మావయ్య మాట చెవిలో ఉండిపోయింది. పొట్టివి 14 అంటే 16 బంట్లలో రెండు పోయాయి, పొడుగువి 3 అంటే రాజులు, మంత్రుల్లో ఒకటి పోయింది, గుర్రాలు, ఏనుగులు, శకట్లు అన్నీ పోయాయి. ఇలా కథ అల్లేసుకున్నాను. ఆ కథ నిలబడాలంటే 32లో 15 పోవాలి, అందులో గుర్రాలు, ఏనుగులు, శకట్లు ఒక్కటీ మిగలకుండా పోవాలి. కాయలు అలా వరసగా పోవు, ఏది పడితే అది పోతుంది. మీ ఊహ నిలబడ్డానికి ఒక రకం మొత్తం మాయమవ్వాల్సి వస్తే ఊహనే మార్చుకోండి.

రెండో సంగతి, చదరంగానికి రెండు పక్షాలు వేరుగా తెలియాలి. ఈ పదిహేడింటికీ ఒకే చెక్క, ఒకే రంగు. రంగు పోయిందేమో అని మెడ గాడుల్లో సూదితో గీరి చూశాను, రంగు పొడి ఒక్క రేణువూ రాలేదు. అంటే ఇక్కడ పక్షాల్ని వేరు చేసేది పొడుగూ పొట్టీ మాత్రమే. మూడు ఒకవైపు, పద్నాలుగో ఇంకొంచెమో ఒకవైపు.

అది పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు. ఒక మేక పోయింది, అంతే. నేపాల్లో బాఘ్‌చాల్ అనే ఇలాంటి ఆటకి నాలుగు పులులు, ఇరవై మేకలు ఉంటాయి. మూడా, నాలుగా అన్నదే తేడా పట్టిస్తుంది.

అయిదోది: పటంతో సరిచూడడం

లెక్క, పాచికలు కలిసి ఒక పేరు చెప్పాక ఆ ఆట పటం కోసం ఇల్లంతా వెతకండి. పటం అట్టే కానక్కర్లేదు. పులి-మేక పటం నాకు వీధి అరుగు బండ మీద దొరికింది. చిన్నప్పుడు దాని మీదే కూర్చుని జామకాయలు తిన్నాను, గీతలు ఎప్పుడూ చూడలేదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ముక్కోణం తేలింది. శిఖరం నుంచి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు. గీతలు కలిసే చోట్లు వేలుపెట్టి లెక్కపెడితే 23. పులి-మేకకి సరిగ్గా అంతే. అరుగులు, గుడి మండపాల బండలు, పీటల అడుగు భాగాలు, ఇవన్నీ ఇలా చూడాల్సినవే. మధ్యాహ్నం నిట్టనిలువు ఎండలో చూస్తే మాత్రం ఏమీ కనిపించదు.

పగడసాల గుడ్డ పట్టుచీరల పెట్టెలో ఉంది. కూడిక గుర్తులాగా నాలుగు చేతులు, చేతికి మూడు వరసలు, వరసకి ఎనిమిది గళ్ళు, అంటే 24. ఒక్కో చేతి మీద మూడు గళ్ళలో ఇంటూ గుర్తు కుట్టి ఉంది, అక్కడున్న కాయని చంపకూడదు. లక్క కాయ అడుగు గడిలో పెడితే చుట్టూ కాస్త చోటు మిగిలింది. ఇది తప్పకుండా చేసి చూడాల్సిన పరీక్ష. ఒకే గడిలో రెండు కాయలు పక్కపక్కన నిలబడాల్సిన ఆట ఇది. కాయ అడుగు గడి దాటిపోతుంటే పటమో కాయలో వేరే ఆటవి.

మరి పదహారో కాయ, నలుపు? పెద్దమ్మకి ఫోన్ చేస్తే నవ్వింది. "నల్లది పోయాక తాతయ్య కోటు గుండీ పెట్టి ఆడేవాళ్ళం. గుండీ పండిందంటే ఎంత గొడవో." చెత్త అనుకున్న గుండీ అలా పదహారో కాయ అయింది.

లూడో కాయలతో వీటిని కలిపేసుకునే వాళ్ళకి ఒక కిటుకు. రెండింటికీ నాలుగు రంగులు, నాలుగేసి కాయలే. లూడో పచ్చీసు నుంచే పుట్టి 1896లో ఇంగ్లండులో పేటెంటయింది. పచ్చీసులో నాలుగో రంగు నలుపు, లూడోలో నీలం. నీలం కనబడితే దాదాపుగా లూడో, దానితో ఆరు ముఖాల మామూలు పాచిక కూడా ఎక్కడో ఉంటుంది, వెతకండి.

బిళ్ళలు, పలకలు

చదునైన బిళ్ళల విషయంలో ఒకే పని: అంచు చూడండి. అంచు నున్నగా, రెండు ముఖాలూ ఒకేలా ఉండి, ఎరుపు ఒక్కటి, తెలుపు, నలుపు తొమ్మిదేసి ఉంటే క్యారమ్స్. వ్యాసం 3 సెంటీమీటర్లు దాటి కొంచెం ఉంటుంది, స్కేలుతో కొలవండి. ముఖం మీద గాడి, ఒకదాని మీద ఒకటి కూర్చునేలా గట్టు ఉంటే డ్రాఫ్ట్స్, ఎందుకంటే కాయ రాజైనప్పుడు పైన ఇంకోటి పెట్టాలి. నా డబ్బాలోని ఎర్ర బిళ్ళకి గాడీ లేదు, గట్టూ లేదు. క్యారమ్స్ రాణి. అంచు నిండా బోరిక్ పౌడర్ మరక.

అంకెలున్న పలకల గురించి ఒక ముచ్చట. టెక్సస్‌లో ఉండే మా పిన్ని కొడుకు గరాజ్ సేల్లో ఒక సంచి కొని, "అన్నయ్యా, మాజాంగ్ దొరికింది" అని ఫొటో పంపాడు. ప్లాస్టిక్ పలకలు, వెనక ఖాళీ, ముందు అంకెలు. వెనక ఖాళీగా ఉందంటే ఎదుటివాడికి కనబడకుండా చేతిలో దాచుకునే ఆట, అక్కడివరకూ వాడు చెప్పింది సబబే. తరవాత రెండు అడిగాను: అంకెలు ఎందాకా పోయాయి, ఒకే పలక ఎన్నిసార్లు ఉంది? పదమూడు దాకా పోయాయి, నాలుగు రంగులు, ఒక్కోటి రెండేసి ఉన్నాయి. చైనావాళ్ళ పలకల ఆట మాజాంగ్ అయితే అంకెలు తొమ్మిది దాటవు, ఒక్కోటి నాలుగేసి ఉంటాయి, గాలులు, డ్రాగన్లు అనే పలకలు వేరే ఉంటాయి. పదమూడు, నాలుగు రంగులు, రెండేసి అంటే ఏమిటి? పేక రెండు కట్టలు! రమ్మీని పలకల మీదకి దించిన రమ్మీకబ్ అది. 104, జోకర్లు 2, మొత్తం 106. వాడి దగ్గర 98 ఉన్నాయి. ఎర్ర ఏడు ఒక్కటే ఉంది అనేలా పోయినవి ఏవో కూడా రాసుకోగలిగాడు. అంకెలున్న సెట్టుకి ఉన్న సుఖం అదే.

గుండ్రటి పేకముక్కలు దొరికితే అవి గంజిఫా. ఒక రంగుకి పన్నెండు ముక్కలు: రాజు, మంత్రి, 1 నుంచి 10. ఎనిమిది రంగులైతే 96, దశావతారాలైతే 120. చేప, తాబేలు, గొడ్డలి లాంటి గుర్తులు కనబడితే దశావతార కట్ట. చేపలు ఏడు ఉన్నాయంటే అది మత్స్యావతారంలో ఏడు, అంతే, ఇంకేదో అర్థం వెతకొద్దు. వీటి మీద తడిగుడ్డ అస్సలు పెట్టకండి, రంగు లేచిపోతుంది.

చివర: సంచులు, చీటీలు

ఒక్కో ఆటకి ఒక గుడ్డసంచి. లోపల చీటీ మీద ఆట పేరు, ఉన్న లెక్క, ఉండాల్సిన లెక్క, ఎలా తేల్చారో ఒక ముక్క. "పులి-మేక, 3 + 14, ఒక మేక లేదు, పటం అరుగు మీద" అని రాశాను. ఖాయం కానిదాన్ని ఖాయమని రాయకండి. పిక్కల సంచిలో "60, బహుశా వామనగుంటలు, పలక లేదు" అనే ఉంది.

మిగిలింది ఏనుగు. బొటనవేలంత, అడుగు చదును. బొమ్మలతో చేసిన చదరంగం సెట్లలో ఏనుగు ఉంటుంది, కానీ ఏ స్థానమో ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మన దగ్గర ఏనుగు మూల గడిలో నిలబడుతుంది. బెంగాల్లో మూల గడిలో ఉండేది పడవ, ఏనుగేమో మన శకటు చోట్లో ఉంటుంది. జోడు ఏనుగు గానీ అదే పనితనంలో గుర్రం గానీ దొరికితే ఏదో చెప్పొచ్చు. ఒంటరి ఏనుగుతో ఏం చెప్పగలం? అడుగున అరుగుదల కూడా లేదు, గళ్ళ మీద జరిపిన కాయకి అంతో ఇంతో ఉంటుంది. దాన్ని విడిగా ఒక కవర్లో పెట్టి, "ఏనుగు 1, చదరంగమో, బొమ్మల కొలువులోదో" అని రాసి మావయ్య చేతికిచ్చాను.